షార్ట్ సర్వ్ నేర్పేటప్పుడు ఏ దశలో ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి

ప్రశ్న: పదేళ్ల నుంచి పదహారేళ్ల పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పుతున్నాను. డబుల్స్‌లో వేసే బ్యాక్‌హ్యాండ్ షార్ట్ సర్వ్ గురించి అందరికీ ఒకటే చెప్తాను: బొటనవేలు ఇక్కడ, మణికట్టు కదపకు, షటిల్ ఇలా వదులు అని. కొత్త పిల్లలకు పనికొస్తోంది. రెండు మూడేళ్లుగా ఆడుతున్నవాళ్లకు చెప్తే ఉన్న సర్వ్ కూడా చెడిపోతోంది. కాగ్నిటివ్, అసోసియేటివ్, అటానమస్ అని మూడు దశలంటారు కదా, ఒక్కో దశలో కోచ్ చెప్పే మాట ఎలా మారాలి?

సమాధానం:

మీరు చెప్పే మాట సరైనదే. వినే పిల్లల మనసు ఆ సమయంలో ఎక్కడ ఉందన్న దాన్నిబట్టి అదే మాట ఒకరికి ఊతం అవుతుంది, ఇంకొకరికి అడ్డం పడుతుంది. కోచ్ ఏం చెప్పినా పిల్లల ధ్యాస అటు మళ్లుతుంది. మొదటి దశలో ధ్యాస చేతి మీదే ఉండాలి కాబట్టి చేతి గురించి చెప్పాలి. రెండో దశలో దాన్ని షటిల్ మీదికి, మూడో దశలో ఎదుటి ఆటగాడి మీదికి తీసుకెళ్లాలి. మూడో దశలో ఉన్న పిల్లవాడికి మొదటి దశ మాట చెప్తే అతని ధ్యాస మళ్లీ చేతి మీదికి వస్తుంది. మీ దగ్గర జరుగుతున్నది ఇదే.

ఈ మూడు దశల లెక్కను 1960ల్లో పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ పెట్టారు. పేర్లు బరువుగా ఉన్నా విషయం సులువు: ముందు ఆలోచించి చేస్తాం, తర్వాత సరిదిద్దుకుంటూ చేస్తాం, ఆ తర్వాత ఆలోచన లేకుండానే జరిగిపోతుంది. దశ అనేది పిల్లవాడిది కాదు, పనిది. ఒకే పిల్లవాడు షార్ట్ సర్వ్‌లో మూడో దశలో, ఫ్లిక్ సర్వ్‌లో రెండో దశలో ఉండొచ్చు. అందుకని "సీనియర్ బ్యాచ్, జూనియర్ బ్యాచ్" అని విడదీసి మాట మార్చితే సరిపోదు.

మొదటి దశ

కొత్త పిల్లవాడు సర్వ్ చేస్తుంటే అతని కళ్లను చూడండి. అవి రాకెట్ మీద, షటిల్ మీద, మళ్లీ రాకెట్ మీద తిరుగుతుంటాయి. పెదాలు కదులుతుంటాయి, తనకు తానే చెప్పుకుంటున్నాడన్నమాట. ఒక సర్వ్ నెట్‌కు తగులుతుంది, తర్వాతది తలకంటే ఎత్తుగా లేస్తుంది, ఆ పైది పక్కకు పోతుంది. తప్పు ప్రతిసారీ మారుతుంటుంది. ఎందుకు పోయిందని అడిగితే చెప్పలేడు.

ఈ సమయంలో తలలో చోటు చాలా తక్కువ. మీరు ప్రశ్నలో రాసిన మూడు సూచనలను ఒకేసారి ఇస్తే చివరిది ఒక్కటే మిగులుతుంది, లేదా ఏదీ మిగలదు. కాబట్టి ముందు మాట లేకుండా చూపించండి. పక్కనుంచి నాలుగైదు సర్వ్‌లు, వెనకనుంచి నాలుగైదు. చూపిస్తూ మాట్లాడకండి, వినడం మొదలుపెడితే చూడటం తగ్గిపోతుంది. తర్వాత ఒకే ఒక్క సూచన ఇచ్చి ఎనిమిది పది సర్వ్‌లు చేయనివ్వండి. ఆ పది పూర్తయ్యేదాకా రెండో సూచన వద్దు.

ఏ సూచనతో మొదలుపెట్టాలి? నా ఉద్దేశంలో "నెట్టు" అన్నదానితో. షార్ట్ సర్వ్ చెడిపోవడానికి పెద్ద కారణం మణికట్టును విసరడం. విసిరితే రాకెట్ ముఖం కోణం క్షణక్షణం మారుతుంది. షటిల్ తగిలే సమయం కాస్త అటూ ఇటూ అయినా ఒకసారి నెట్‌లోకి, ఇంకోసారి పైకి పోతుంది. నెడితే రాకెట్ ముఖం కొంతసేపు ఒకే కోణంలో ముందుకు కదులుతుంది, సమయంలో వచ్చే చిన్న తేడా పెద్దగా హాని చేయదు. ఇదంతా పిల్లవాడికి చెప్పనక్కర్లేదు. "తలుపు తట్టినట్టు కాదు, తోసినట్టు" అనండి చాలు. "క్యారమ్ స్ట్రైకర్‌ను వేలితో కొడతావే, అలా వద్దు" అన్నా వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి పోలిక ఒక్కటే నాలుగు శరీర భాగాల సూచనలను తనలో మోసుకెళ్తుంది. పైగా గోల్ఫ్ పటింగ్ మీద రిచర్డ్ మాస్టర్స్ 1992లో ప్రచురించిన ప్రయోగం మనకు ఒక హెచ్చరిక. నియమాలు కంఠస్థం చేసి నేర్చుకున్నవాళ్లు ఒత్తిడిలో తడబడ్డారు, నియమాలు పోగుపడకుండా నేర్చుకున్నవాళ్లు అంతగా తడబడలేదు. ఈ రోజు తలలోకి ఎక్కించే ప్రతి నియమమూ రెండేళ్ల తర్వాత కీలకమైన పాయింటు దగ్గర పైకి తేలొచ్చు.

మాటతో చెప్పాల్సినవాటిలో సగం ఏర్పాటుతో చెప్పవచ్చు. సర్వ్ చేసే క్షణంలో షటిల్ మొత్తం 1.15 మీటర్ల కింద ఉండాలన్నది నియమం. దాన్ని వివరిస్తూ కూర్చోకుండా పక్కన ఒక స్తంభానికి ఆ ఎత్తులో రంగు టేపు చుట్టండి. షటిల్‌ను అక్కడికంటే కింద పట్టుకోవడం చూపుతోనే అలవాటవుతుంది. గ్రిప్‌ను మీరే చేత్తో సరిచేసి పెట్టండి: బొటనవేలు వెడల్పు అంచు మీద, చెయ్యి పిడి పైభాగానికి దగ్గరగా. షటిల్‌ను ఎగరేయడం వద్దు, ఈకల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని రాకెట్ చేరుతుండగా వదలాలి. ఇది కూడా చూపించి వదిలేయాల్సిన విషయమే.

ఈ దశలో "తప్పు" అన్న మాట దండగ. పోయిందని పిల్లవాడికీ కనిపిస్తూనే ఉంది, ఏం చేయాలో మాత్రమే తెలియదు. "ఎత్తుగా పోయింది" అనే బదులు "ఇంకా మెల్లగా తోయి" అనండి. వరసగా ఒకటే సర్వ్, ఒకే చోటునుంచి చేయించండి. సర్వ్‌లు కలిపి ఆడించడం ఇక్కడ తొందరపాటు.

రెండో దశ

చాలామంది కోచ్‌లు తడబడేది ఇక్కడే. దశ మారినట్టు పిల్లలు చెప్పరు, మనం పాత పద్ధతిలోనే మాట్లాడుతూ పోతాం.

గుర్తు ఏంటంటే, తప్పులకు ఒక వరస వస్తుంది. పదిలో ఆరు ఒకే రకంగా పోతాయి. షటిల్ ఇంకా గాలిలో ఉండగానే పిల్లవాడు "అబ్బా" అంటాడు. ఆ "అబ్బా" చాలా విలువైంది, తప్పును తనే పసిగట్టే శక్తి పుట్టిందన్నమాట. ఇకమీదట మీ పని ఆ శక్తిని పెంచడం. ప్రతి సర్వ్ తర్వాత మీరే చెప్పేస్తే అది పెరగదు. పిల్లవాడు తన చేతికి ఏం తెలిసిందో గమనించడం మానేసి మీ గొంతు కోసం ఎదురుచూస్తాడు. మీరు ఉన్నంతసేపు సర్వ్ బాగుంటుంది, మీరు పక్క కోర్టుకు వెళ్లగానే చెడిపోతుంది. ప్రాక్టీసులో బాగా ఆడి మ్యాచ్‌లో ఆడలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. పదమూడేళ్ల అమ్మాయి, కుడిచేతి ఆట, నాలుగు నెలలుగా షార్ట్ సర్వ్ చేస్తోందనుకుందాం. నెట్ మధ్యలో 1.524 మీటర్ల ఎత్తు ఉంటుంది. దానికి ఇరవై సెంటీమీటర్ల పైన ఒక తాడు కట్టండి. అవతలి వైపు షార్ట్ సర్వీస్ లైన్ నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో ఉంటుంది, అది దాటాక రెండడుగుల దగ్గర ఇంకో తాడు నేలమీద పరవండి. ఇరవై సర్వ్‌లు చేయమనండి, ఏమీ మాట్లాడకుండా రాసుకోండి. నాలుగు నెట్‌కు తగిలాయి, తొమ్మిది పై తాడు మీదుగా పోయాయి, ఏడు మాత్రం సందులోంచి వెళ్లి సరైన చోట పడ్డాయి.

తొమ్మిది ఒకే వైపు పోయాయంటే యాదృచ్ఛికం కాదు, ఒక కారణం ఉంది. పక్కన నిలబడి షటిల్ దారిలో ఎత్తైన చోటు ఎక్కడ వస్తోందో చూడండి. మంచి షార్ట్ సర్వ్‌లో అది నెట్‌కు ఇవతలే వస్తుంది, నెట్ దాటేసరికి షటిల్ కిందికి దిగుతుంటుంది. ఈ అమ్మాయికి ఎత్తైన చోటు నెట్ అవతల వస్తోందనుకుందాం. అంటే బలం ఎక్కువవుతోంది, లేదా షటిల్‌ను ఒంటికి మరీ దగ్గరగా, కిందగా పట్టుకుని పైకి లేపుతోంది. షటిల్ తగిలే చోటును 1.15 మీటర్ల హద్దుకు కొద్దిగా కింద ఉంచితే నెట్ పైఅంచుకు నలభై సెంటీమీటర్ల చిల్లర లేపితే చాలు. తొడ దగ్గర పట్టుకుంటే అంతకు రెట్టింపు లేపాలి, దారి నిటారవుతుంది. ఈమె విషయంలో కారణం అదే.

ఇప్పుడు ఏం చెప్పాలి? "మోచెయ్యి పైకెత్తు" అనాలనిపిస్తుంది. అనకండి. "నెట్‌కు ఇవతలే షటిల్ దిగడం మొదలవ్వాలి, ఎక్కడ పట్టుకుంటే అలా పోతుందో చూడు" అనండి. ధ్యాస శరీరం మీద కాక శరీరం చేసే పని ఫలితం మీద ఉంటే కదలిక మెరుగ్గా కుదురుతుందని గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె తోటి పరిశోధకులు 1990ల చివరినుంచి ఎన్నో పనుల్లో చూపించారు. మోచెయ్యి గురించి చెప్తే అమ్మాయి మోచేతిని కదుపుతుంది, దాంతోపాటు బిగుసుకుపోతుంది. షటిల్ దారి గురించి చెప్తే మోచెయ్యి, భుజం, వేళ్లు తమలో తాము సర్దుకుంటాయి. రెండు మూడు విడతల్లో దారి దొరకకపోతే అప్పుడు "షటిల్‌ను ఒక జానెడు పైకి పట్టుకుని చూడు" అని చెప్పవచ్చు.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ఏం చెప్పాలన్నంత ముఖ్యం. తాడు కింద నుంచి పోయినంతకాలం మౌనంగా ఉండండి, మీ మౌనమే "బాగుంది" అని ఆమెకు ముందే చెప్పి ఉంచండి. హద్దు దాటినప్పుడు కూడా వెంటనే నోరు తెరవకండి, షటిల్ పడ్డాక కొన్ని సెకన్లు ఆగండి. ఆ కొద్ది సమయంలోనే చేతికి తెలిసినదాన్నీ కంటికి కనిపించినదాన్నీ ఆమె కలుపుకుంటుంది. తర్వాత ముందు ప్రశ్న అడగండి: "తాడుకు ఎంత పైన పోయింది?" ఆమె "జానెడు" అంది, మీకూ అలాగే కనిపించింది అనుకోండి, ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆమె "కొంచెమే" అంది, నిజానికి మూరెడు పోయింది అనుకోండి, ఆ తేడాను చెప్పండి. కాలక్రమంలో ప్రతిదానికీ అడగడం మాని అయిదు సర్వ్‌లకు ఒకసారి, తర్వాత పదికి ఒకసారి మాట్లాడండి.

ఈ దశలోనే సర్వ్‌లను కలపాలి. 1986లో గుడ్, మాగిల్ అనే పరిశోధకులు సరిగ్గా బ్యాడ్మింటన్ సర్వ్‌ల మీదే ప్రయోగం చేశారు. షార్ట్, లాంగ్, డ్రైవ్ అనే మూడు సర్వ్‌లను కొందరు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా నేర్చుకున్నారు, కొందరు ఏ క్రమమూ లేకుండా కలిపి నేర్చుకున్నారు. నేర్చుకున్న వైపు కాక రెండో వైపు సర్వీస్ కోర్టునుంచి చేయించినప్పుడు కలిపి నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా చేశారు. కారణం ఊహించదగిందే: ఒకటే సర్వ్ ఇరవైసార్లు చేస్తే మొదటిదాన్ని తయారుచేసుకుని మిగతా పంతొమ్మిదీ నకలు తీస్తారు. మారుస్తుంటే ప్రతిసారీ కొత్తగా తయారుచేసుకోవాలి. మ్యాచ్‌లోనూ అంతే, ఒక సర్వ్‌కూ ఇంకో సర్వ్‌కూ మధ్య ఒక ర్యాలీ ఉంటుంది.

మన అమ్మాయికైతే రెండు షార్ట్, ఒక ఫ్లిక్, ఒక షార్ట్ కుడివైపు నుంచి, ఒక ఫ్లిక్ ఎడమవైపు నుంచి, ఇలా వరస తెలియకుండా మీరు పిలుస్తుండండి. ఒక విషయం ముందే చెప్పి ఉంచాలి, ఆమెకూ, వీలైతే గ్యాలరీలో కూర్చునే తల్లిదండ్రులకూ. కలపగానే ఆ రోజు లెక్క పడిపోతుంది. ఏడు సరైనవి అయిదవుతాయి. అది చూసి పాత పద్ధతికి వెళ్లిపోతే పడిన శ్రమంతా పోయినట్టే. అసలు లెక్క మరుసటి రోజు తీయండి, వార్మప్ అవగానే, ఏమీ చెప్పకుండా ఇరవై సర్వ్‌లు. ప్రాక్టీసు చివర వచ్చే అంకె ఆ పూట ఊపును చూపిస్తుంది, మరుసటి ఉదయం వచ్చే అంకె ఎంత నిలిచిందో చూపిస్తుంది. నోటుబుక్కులో రెండోదే రాయండి.

మూడో దశ

వచ్చారో లేదో తెలుసుకోవడానికి మాటలు నమ్మొద్దు, పరీక్ష పెట్టండి. మామూలుగా పది సర్వ్‌లు చేయించి లెక్కపెట్టండి. తర్వాత నూరునుంచి వెనక్కి మూడేసి తగ్గిస్తూ, బయటికి వినిపించేలా లెక్కపెడుతూ ఇంకో పది చేయమనండి: నూరు, తొంభై ఏడు, తొంభై నాలుగు. ఎనిమిది సరైనవి నాలుగుకు పడిపోతే సర్వ్ ఇంకా ఆలోచన తింటోంది, రెండో దశే. ఎనిమిది ఏడయితే చేతికి అలవాటైంది. లెక్క తప్పులు కూడా చూడండి. సర్వ్ బాగుండి లెక్క ఆగిపోతుంటే ధ్యాసంతా సర్వ్‌కే పోయిందని అర్థం. లెక్కలంటే భయపడే పిల్లలకు ఊళ్ల పేర్లు చెప్పమనండి, పరీక్ష సర్వ్‌కు కావాలి, లెక్కలకు కాదు.

ఈ దశలో చేతి గురించి మాట ఎందుకు చెడగొడుతుందో 2002లో బీలాక్, ఆమె సహచరులు ఫుట్‌బాల్ డ్రిబ్లింగ్‌లో చూపించారు. బంతిని పాదంలో ఏ వైపు తాకించారో గమనిస్తుండమన్నప్పుడు అనుభవం ఉన్నవాళ్లు తమ బలమైన కాలితో నెమ్మదించారు. కొత్తవాళ్లకు అదే సూచన మేలు చేసింది. అనుభవం ఉన్నవాళ్లకు కూడా బలహీనమైన కాలితో ఆడినప్పుడు కొత్తవాళ్లలాగే మేలు జరిగింది. ఒకే మనిషి, ఒకే సూచన, కాలు మారగానే ఫలితం తిరగబడింది. దశ పనిది, మనిషిది కాదని పైన చెప్పింది ఇందుకే.

అలవాటైన కదలిక ఒకే ముక్కగా నడుస్తుంది. "మణికట్టు కదపకు" అనగానే ఆటగాడు దాన్ని మళ్లీ ముక్కలు చేసి ఒక్కోదాన్నీ కాపలా కాస్తాడు. ముక్కల మధ్య అతుకులు కనిపిస్తాయి: షటిల్ వదలడం ఆలస్యమవుతుంది, తోపు మధ్యలో ఆగి మళ్లీ సాగుతుంది. ఆ ఆగడం కనిపిస్తే సర్వీస్ జడ్జి ఫాల్ట్ ఇవ్వవచ్చు కూడా, మొదలైన సర్వ్‌లో రాకెట్ ఆగకుండా ముందుకే సాగాలి కదా.

మరి వీళ్లతో ఏం మాట్లాడాలి? ఎదుటివాడి గురించి. అతను లైనుకు ఎంత దగ్గరగా నిలబడ్డాడు, రాకెట్ ఏ ఎత్తులో పట్టుకున్నాడు, బరువు ముందు కాలి మీద ఉందా, మొన్నటి మూడు షార్ట్ సర్వ్‌లకు ఎటు కొట్టాడు. "ముందుకు వాలుతున్నాడు, ఈసారి ఫ్లిక్ చూడు", "మధ్య గీత దగ్గరికి వెయ్యి, కోణం ఇవ్వకు". ఇవి నిర్ణయాలకు సంబంధించిన మాటలు, కదలికకు కాదు. సర్వ్ నిజంగానే బిగుసుకుపోతుంటే మొత్తం కదలికకు సరిపోయే ఒకే మాట ఇవ్వండి, "మెత్తగా" లాంటిది. ఏ శరీర భాగం పేరూ అందులో ఉండకూడదు. గేమ్ చివర, ఇంటర్వల్‌లో, కీలకమైన పాయింట్ల మధ్య ఈ హద్దు అస్సలు దాటకండి.

అలవాటైందంటే బాగుందని కాదు, ఇది గుర్తుంచుకోవాలి. ఎత్తుగా పోయే సర్వ్ కూడా అంతే చక్కగా అలవాటవుతుంది. అప్పుడు దాన్ని మార్చాలంటే కావాలనే వెనక్కి తీసుకెళ్లాలి: మళ్లీ ఒకే సూచన, మళ్లీ వరసగా ఒకటే సర్వ్, మళ్లీ తాడు. 2018 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ టోర్నీతో 1.15 మీటర్ల నియమం ప్రయోగంగా వచ్చినప్పుడు పొడుగు ఆటగాళ్లకు జరిగింది అదే. అంతకుముందు హద్దు నడుము దగ్గర, అంటే ఎవరి ఎత్తును బట్టి వాళ్లకు. ఒక్కసారిగా అందరికీ ఒకే ఎత్తు అయ్యేసరికి ఏళ్లుగా చేతికి అలవాటైన సర్వ్‌ను వాళ్లు మళ్లీ ఆలోచిస్తూ కట్టుకోవాల్సి వచ్చింది. మీ పిల్లల్లో ఒక్క ఏడాదిలో బాగా పొడవు పెరిగినవాళ్లకూ ఇలాంటిదే జరుగుతుంది, చెయ్యి పొడవు మారితే పాత లెక్క సరిపోదు. దాన్ని నిర్లక్ష్యమని తిట్టకుండా కొద్దిరోజులు రెండో దశ పద్ధతిలో నడపండి. పెద్ద మార్పులు టోర్నమెంట్ల మధ్య విరామంలోనే మొదలుపెట్టండి. మొదటి కొన్ని వారాలు సర్వ్ ఇంకా చెడుతుందని ఆటగాడికి ముందే చెప్పండి. వచ్చే వారం మ్యాచ్ ఉంటే తప్పు కనిపించినా రాసుకుని పక్కన పెట్టండి.

ఒకే కోర్టులో పన్నెండుమంది, మూడు దశలవాళ్లూ ఉన్నప్పుడు ఎలా అని మీకు సందేహం తప్పక వస్తుంది. తాడు అందరికీ ఒకటే కట్టండి, మీరు నిలబడే చోటు మార్చండి. కొత్తవాళ్లను మీకు దగ్గరగా ఉన్న సగంలో పెట్టండి, వాళ్లకు మీ కళ్లు ప్రతి సర్వ్‌కూ కావాలి. రెండో దశవాళ్లను జంటలుగా పెట్టి, ఒకరు చేస్తుంటే రెండోవారు తాడు కిందా పైనా అని మాత్రమే రాయాలి, సలహా ఇవ్వకూడదు, అయిదు అయ్యాక చేసినవాళ్లే ముందు మాట్లాడాలి. మూడో దశవాళ్ల ఎదురుగా ఒక రిసీవర్‌ను నిలబెట్టి, సర్వ్ తర్వాత మూడు షాట్లు ఆడించి ఆపండి. వాళ్లవైపు వెళ్లినప్పుడు చేతిలో నోటుబుక్కు ఉంచుకుని రిసీవర్ ఎక్కడ నిలబడ్డాడో, ఎటు కొట్టాడో రాయండి. మాట్లాడాలనిపించినప్పుడల్లా రాయండి. విరామంలో ఆ కాగితం చూపిస్తూ మాట్లాడితే మాట దానంతట అదే చేతి మీదినుంచి ఆట మీదికి పోతుంది.